"ఈ నెలకి కాస్త చూడు" అన్న పని ఎప్పుడు మనదైపోతుంది
(అకౌంట్స్ విభాగాల్లో పనిచేసేవాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో ఎక్కువమంది చిన్న, మధ్యస్థాయి సంస్థల్లో లెక్కలు చూసేవాళ్లే కాబట్టి అటూ ఇటూ తిరక్కుండా అసలు విషయానికి వస్తాను. పక్క సీట్లో మనిషి ఉద్యోగం మానేస్తాడు, కొత్తమనిషిని తీసుకోరు, అతని పని మన టేబుల్ మీదకి వస్తుంది, జీతం మారదు, హోదా మారదు, చేతికి ఒక కాగితం ముక్క కూడా రాదు. ఇది అన్ని ఆఫీసుల్లో జరిగేదే. కానీ అకౌంట్స్‌లో జరిగితే దాని దెబ్బ వేరుగా ఉంటుంది, ఎందుకంటే మన పనికి గడువు తేదీలుంటాయి, ఆ తేదీ దాటితే జరిమానా పడుతుంది, అది ఎవరివల్ల పడిందని అడిగినప్పుడు అందరి చూపూ ఒకరి మీదే ఉంటుంది. అందుకే ఒకే ఒక్క కేసు తీసుకుని మొదటినుంచి చివరిదాకా చెప్తాను.

విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ డిస్ట్రిబ్యూటర్ ఒకరున్నారు, భాగస్వామ్య సంస్థ, సిబ్బంది నలభైమంది దాకా. అకౌంట్స్‌లో ఇద్దరు సీనియర్లు, ఒక జూనియర్ కుర్రాడు. నేను చెప్పబోయే ఆవిడ నాకు బాగా తెలిసిన మనిషి, పేరు వద్దు. ఆమె పని అమ్మకాల బిల్లింగ్, పార్టీల దగ్గర వసూళ్లు, బ్యాంకు స్టేట్‌మెంటుతో లెక్క సరిచూడటం. జీతం 26,000. రెండో సీనియర్ కొనుగోళ్లు, జీఎస్టీ, టీడీఎస్, జీతాలు, పీఎఫ్, ఈఎస్ఐ చూసేవాడు, అతని జీతం 22,000. ఏప్రిల్ చివర్లో అతను మానేశాడు. మన దగ్గర చాలామంది మానేసేది అప్పుడే, మార్చి లెక్కలు ముగిసి, ఇంక్రిమెంటు ఎంతో తేలిపోయాక. ఇక్కడే మొదటి చిక్కుంది: ఆ ఏడాది జీతాల పెంపు అప్పటికే అయిపోయింది, ఇక జీతం మాట ఎత్తే సందర్భం మళ్లీ వచ్చే ఏప్రిల్‌లోనే. పని మే నెలలో వచ్చిపడింది, దాని గురించి మాట్లాడే అవకాశం మాత్రం పదకొండు నెలల దూరంలో ఉంది.

యజమాని ఆమెను పిలిచి "ఇకనుంచి ఇదంతా నువ్వే చూడాలి" అని చెప్పలేదు. ఎక్కడా అలా చెప్పరు. మే మొదటివారంలో "అమ్మా, ఏడో తారీఖు టీడీఎస్ కట్టాలంట, చలానా ఎట్టా తీయాలో ఆడిటర్ గారి ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కుని కాస్త చూడు, మనిషి దొరికేదాకానే" అన్నారు. సరే, కట్టింది. పదకొండో తారీఖుకి అమ్మకాల రిటర్న్, అంటే జీఎస్టీఆర్-1, అమ్మకాల బిల్లులు ఎలాగూ ఆమెవే కాబట్టి ఎవరూ అడక్కుండానే అదీ ఆమె దగ్గరికే వచ్చింది. పదిహేనుకి పీఎఫ్, ఈఎస్ఐ. ఇరవైకి పన్ను కట్టి వేసే నెలవారీ రిటర్న్, జీఎస్టీఆర్-3బి. ఇలా మే నెల గడిచింది, ఒక్క పనికీ "ఇది నీది" అన్న మాట లేదు, అన్నీ అయిపోయాయి. జూన్‌లో ఆమెకు ఎవరూ చెప్పలేదు, అడగలేదు కూడా, ఆరో తారీఖు సాయంత్రం "టీడీఎస్ రెడీయేనా?" అని మెసేజ్ వచ్చింది. ఆ ప్రశ్న తీరు గమనించండి. మేలో అది సాయం, జూన్‌కి అది బాధ్యత. మధ్యలో ఏ నిర్ణయమూ జరగలేదు.

నా అనుభవంలో పని ఎప్పుడు చేతులు మారిందో తెలుసుకోవడానికి ఒక కచ్చితమైన గుర్తు ఉంది. పోర్టల్‌లో నమోదైన మొబైల్ నంబరు. జీఎస్టీ పోర్టల్‌లో సంతకం చేసే అధికారం యజమానిదే అయినా, చాలా చిన్న సంస్థల్లో ఆయన పేరు పక్కన ఉండేది అకౌంటెంట్ నంబరే, ఓటీపీ కోసం ఆయన్ని మాటిమాటికీ పిలవలేక అలా పెట్టుకుంటారు. కంపెనీలైతే డిజిటల్ సంతకం కావాలి, భాగస్వామ్య సంస్థకి ఓటీపీతో రిటర్న్ వేసేయొచ్చు. మానేసిన మనిషి నంబరుకి ఓటీపీ వెళ్తుంటే రెండుసార్లు ఫోన్ చేసి అడుగుతారు, మూడోసారి అతను ఎత్తడు, అప్పుడు "నీ నంబరు పెట్టెయ్యమ్మా" అంటారు. పోర్టల్‌లో ఈ మార్పుకి అధికారి ఆమోదం కూడా అక్కర్లేదు, నిమిషాల్లో అయిపోతుంది. కానీ ఆ రోజునుంచి గడువు గుర్తుచేసే మెసేజ్, నోటీసు వచ్చిందన్న మెసేజ్, అన్నీ మీ ఫోనుకే. ఆదివారం రాత్రి వచ్చినా మీకే. నియామక పత్రంలో లేని బాధ్యత మీ ఫోన్లోకి వచ్చి కూర్చుంది. కాబట్టి నంబరు మార్చమని అడిగిన రోజే "తప్పకుండా సార్, అయితే ఈ పని ఎవరిదో ఇవాళ మాట్లాడేసుకుందాం" అనాలి. ఆ రోజు యజమానికి మన అవసరం చాలా ఉంటుంది, వారం తర్వాత అంత ఉండదు.

ఇప్పుడు ఆ పని ఎంతో లెక్కేద్దాం. మనం లెక్కలవాళ్లం, కానీ మన సమయం లెక్క మాత్రం ఎప్పుడూ రాసుకోం.

ఆ సంస్థకి నెలకి మూడొందల దాకా కొనుగోలు బిల్లులొస్తాయి. ఒక్కోటి చూసి, హెచ్‌ఎస్‌ఎన్ కోడూ పన్ను రేటూ సరిపోయాయా అని పరికించి టాలీలో ఎక్కించడానికి మూడు నిమిషాలు వేసుకోండి, పదిహేను గంటలు. తర్వాత పద్నాలుగో తారీఖున పోర్టల్‌లో జీఎస్టీఆర్-2బి వస్తుంది, అంటే మనకి సరుకు అమ్మినవాళ్లు వాళ్ల రిటర్న్‌లో చూపించిన బిల్లుల జాబితా. దాన్నీ మన కొనుగోళ్లనీ పక్కపక్కన పెట్టి సరిచూడాలి. కలవనివి ప్రతి నెలా ఉంటాయి: ఒకరు రిటర్నే వేయలేదు, ఒకరు బిల్లు నంబరులో ఒక అంకె తప్పు కొట్టారు, ఒకరు మన జీఎస్టీ నంబరు బదులు ఇంకెవరిదో వేశారు. ఒక్కొక్కరికి ఫోన్ చేసి సరిచేయించాలి, లేకపోతే ఆ బిల్లు మీద ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, ఆ మేరకు పన్ను చేతినుంచి కట్టాలి. దీనికి ఎనిమిది గంటలు తక్కువేమీ కాదు, అదీ పద్నాలుగుకీ ఇరవైకీ మధ్యలోనే. నలభైమంది హాజరు, సెలవులు, అడ్వాన్సులు చూసి జీతాలు వేయడం, పీఎఫ్, ఈఎస్ఐ కలిపి పది గంటలు. టీడీఎస్‌కి ఒక మూడు గంటలు. మొత్తం నెలకి 36 గంటలు. మూడు నెలలకోసారి వచ్చే టీడీఎస్ రిటర్న్ ఇందులో లేదు. స్టాకు ఎంట్రీలు, చిల్లర ఖర్చుల పుస్తకం ఆ జూనియర్ కుర్రాడి నెత్తిన పడ్డాయి, అతనిదీ ఇదే కథ.

ఆమె అప్పటికే వారానికి ఆరు రోజులు, రోజుకి ఎనిమిది గంటలు పనిచేస్తోంది, అంటే నెలకి సుమారు 208 గంటలు. 26,000ని 208తో భాగిస్తే గంటకి 125 రూపాయలు. 36 గంటలకి మామూలు రేటున 4,500. మన రెండు రాష్ట్రాల్లోనూ దుకాణాలు, సంస్థల చట్టం 1988 నాటిది, దాని ప్రకారం వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు వేతనం ఇవ్వాలి, అలా చూస్తే 9,000. యజమానికి నెలనెలా మిగిలింది 22,000. ఈ మూడు అంకెలూ ఒక కాగితం మీద రాసుకోవడానికి ఆమెకు పది నిమిషాలు కూడా పట్టలేదు, కానీ అప్పటిదాకా ఆమె తన మనసులో "పని బాగా ఎక్కువైంది" అని మాత్రమే అనుకుంటూ వచ్చింది. పని ఎక్కువైంది సార్ అంటే ఎవరైనా "అందరికీ ఎక్కువే కదమ్మా" అంటారు. నెలకి 36 గంటలు సార్ అంటే ఆ జవాబు చెల్లదు.

అయితే ఆమె ఆ కాగితం రాసింది కోపంతో కాదు, ఒక దెబ్బ తగిలాక. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యవహారంలో నష్టం మనం చూసేచోట జరగదు.

కొత్తగా వచ్చిన పనులన్నింటికీ తేదీలున్నాయి: ఏడు, పదకొండు, పదిహేను, ఇరవై. ఆమె పాత పనికి తేదీ లేదు. బ్యాంకు స్టేట్‌మెంటు సరిచూడటం ఆమె వారానికోసారి చేసేది, చేయకపోతే ఏ పోర్టలూ అడగదు, జరిమానా పడదు. తేదీ ఉన్న పని తేదీ లేని పనిని ఎప్పుడూ వెనక్కి నెడుతుంది. మే నెలలో ఆమె బ్యాంకు పని అలా వెనకబడింది. మే 20న ఒక పార్టీ ఇచ్చిన 1,80,000 రూపాయల చెక్కు డబ్బుల్లేక వెనక్కొచ్చింది. బ్యాంకు మెమో ఆఫీసుకి వచ్చింది, అంతకుముందు అలాంటి కవర్లు విప్పేది మానేసిన ఆ మనిషే, అది ట్రేలో అలాగే పడి ఉంది. పుస్తకాల్లో ఆ పార్టీ బాకీ తీరినట్టే కనిపిస్తోంది కాబట్టి జూన్‌లో వాళ్లకి మరో రెండు లోడ్ల సరుకు అప్పుమీద వెళ్లింది. జూన్ 28న ఆమె రెండు నెలల స్టేట్‌మెంటు ముందేసుకుని కూర్చున్నప్పుడు విషయం బయటపడింది. చెక్కు బౌన్సయితే బ్యాంకు సమాచారం అందిన 30 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు పంపాలి, సెక్షన్ 138 కేసుకి అదే పునాది. ఆ గడువు దాటిపోయింది. చెక్కుకి మూడు నెలల ఆయువు ఉంటుంది కాబట్టి లాయరు దాన్ని మళ్లీ బ్యాంకులో వేయించారు, మళ్లీ వెనక్కొచ్చింది, దానితో కొత్తగా 30 రోజులు దొరికాయి, నోటీసు పంపారు. ఆ వ్యవహారం అలా దారిలో పడింది. ఆఫీసులో మాత్రం ఆమెకు వచ్చిన మాట ఒకటే: "ఇన్నేళ్లనుంచి చేస్తున్న పని కదమ్మా, ఇదెట్టా మిస్సయ్యావు?"

మే, జూన్ నెలల్లో ఆమె ఒక్క జీఎస్టీ రిటర్న్ కూడా ఆలస్యం చేయలేదు. దాని మాట ఎవరూ ఎత్తలేదు. 3బి ఒక్కరోజు ఆలస్యమైతే రోజుకి 50 రూపాయల ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. టీడీఎస్ ఇంకా కఠినం, నెలకి ఒకటిన్నర శాతం, నెలలో ఒక్కరోజు తగిలినా మొత్తం నెలగా లెక్క, అంటే జూన్‌లో కోసిన పన్ను జూలై 7 బదులు 8న కడితే రెండు నెలల వడ్డీ, మూడు శాతం. ఇవన్నీ తప్పించింది ఆమె. వేరేవాళ్ల పనిని సకాలంలో చేస్తే అది ఎవరికీ కనిపించదు, మన పనిలో ఒకటి జారితే మాత్రం అందరికీ కనిపిస్తుంది. అందుకే నేను గట్టిగా చెప్పేది: అదనపు పని మోస్తున్నారా అని తెలుసుకోవాలంటే కొత్త పని ఎలా సాగుతోందో చూడకండి, మీ పాత పనిలో ఏది వాయిదా పడుతోందో చూడండి. అది రెండు వారాలు వాయిదా పడిందంటే ఆ రోజే చెప్పాలి, అదీ రాతలో.

ఆమె జూలై మొదటివారంలో యజమానికి ఒక మెయిల్ రాసింది. ఆ మెయిల్ నేను చూశాను, ఆమె అనుమతితో సారాంశం చెప్తున్నాను, ఎందుకంటే అందులో ఫిర్యాదు ఒక్క ముక్క కూడా లేదు.

"సార్, మే నెలనుంచి నేను అదనంగా చూస్తున్న పనులు, వాటికి నెలకి పడుతున్న గంటలు కింద రాశాను. మొత్తం 36 గంటలు. దీనివల్ల బ్యాంకు సరిచూడటం వారానికోసారి చేయలేకపోతున్నాను, మే చెక్కు విషయం ఆలస్యంగా తెలియడానికి కారణం ఇదే. ఆగస్టు ఒకటి నుంచి ఈ మూడింట్లో ఏది వీలైతే అది చేయగలరు: కొత్త మనిషిని తీసుకోవడం, లేదా టీడీఎస్, జీతాలు, పీఎఫ్, ఈఎస్ఐ పనిని ఆడిటర్ గారి ఆఫీసుకి ఇవ్వడం, లేదా ఈ పనులన్నీ నాకే ఉంచి నెలకి 9,000 అదనంగా ఇచ్చి హోదా మార్చి పత్రం ఇవ్వడం. మీ నిర్ణయం వచ్చేదాకా ఏ పని ముందు చూడాలో, ఏది ఆగినా పర్వాలేదో కూడా చెప్పండి."

ఇందులో నాకు అన్నింటికన్నా నచ్చింది చివరి వాక్యం. "ఏది ఆగినా పర్వాలేదో చెప్పండి" అన్న ప్రశ్నకి జవాబు రాతలో వచ్చిందంటే ఆ ఆగిపోయిన పని తాలూకు నింద మన మీద పడదు. జవాబు రాకపోయినా అడిగినట్టు తేదీతో సహా ఉంటుంది. చాలామంది దీన్ని వదిలేసి డబ్బు ఒక్కటే అడుగుతారు, డబ్బు అడిగితే "చూద్దాం" అన్న మాటతో ఆరు నెలలు గడిచిపోతాయి.

ఇక్కడ ఒకరు లేచి అడుగుతారు, మా నియామక పత్రంలో "యాజమాన్యం ఎప్పటికప్పుడు అప్పగించే ఇతర పనులు కూడా చేయాలి" అని రాసి ఉంది కదా అని. దాదాపు అందరి పత్రాల్లోనూ ఉంటుంది. ఆ వాక్యం ఉంది కాబట్టి "ఇది నా పని కాదు, చేయను" అనడం మనకి మంచిది కాదు, ప్రైవేటు ఉద్యోగంలో అది మనకే తిరిగి తగులుతుంది. కానీ ఆ వాక్యం ఇతర పనులు చెప్పొచ్చని అంటుంది తప్ప ఇంకో మనిషి రోజును మొత్తం మీ రోజులో కలిపేయొచ్చని అనదు, 48 గంటల లెక్కనీ చెరిపేయదు. గంటల గురించి మాట్లాడండి, పని ఎవరిదన్న వాదనలోకి దిగకండి.

ప్రభుత్వ ఉద్యోగాల్లో దీనికో పద్ధతుంది. ఖాళీ అయిన పోస్టు పని ఇంకొకరికి ఇస్తే పూర్తి అదనపు బాధ్యత, మన రాష్ట్రాల సర్కారు ఆఫీసుల్లో ఎఫ్‌ఏసీ అంటారు, దానికి ఉత్తర్వు ఉంటుంది, మొదలైన తేదీ ఉంటుంది. ఫండమెంటల్ రూల్ 49 ప్రకారం కేంద్ర ఉద్యోగులకైతే 45 రోజులు దాటాక ఆ రెండో పోస్టు వేతనం మీద 10 శాతం అదనంగా ఇస్తారు. రోజువారీ పనులు మాత్రమే చూడమంటే ఏమీ ఇవ్వరు, అందుకే ఉత్తర్వులో ఏ మాట రాశారన్నది అక్కడ చాలా పెద్ద విషయం. ఆ 10 శాతం గొప్ప డబ్బేమీ కాదు, దానికీ కాలపరిమితి ఉంది, అక్కడా ఇన్‌చార్జుల పేరుతో ఏళ్లతరబడి నడిపించడం మనం చూస్తూనే ఉన్నాం. అయినా ఇద్దరి పని ఒకరు చేస్తున్నారని కాగితం మీద ఒప్పుకోవడం అక్కడ ఉంది. మన దగ్గర లేనిది అదే, మనం అడగాల్సిందీ ముందుగా అదే: తేదీ ఉన్న ఒక కాగితం.

హోదా విషయంలో ఒక హెచ్చరిక. డబ్బు ఇవ్వడం ఇష్టంలేని యజమాని ముందుగా ఇవ్వడానికి ఒప్పుకునేది పేరు. "నిన్ను అకౌంట్స్ మేనేజర్ చేస్తున్నాం" అంటారు. వేరే ఉద్యోగం వెతుక్కునేటప్పుడు అది పనికొస్తుంది, కాదనను. కానీ మేనేజ్‌మెంట్ హోదాలో ఉన్నవాళ్లకి ఆ 1988 చట్టంలో పనిగంటల, ఓవర్‌టైమ్ నిబంధనలు వర్తించవు. పేరు కాదు, నిజంగా చేసే పనిని బట్టే కోర్టులు చూస్తాయి, నిజమే, కానీ ఆ సంగతి తేల్చుకోవడానికి మనం కోర్టుదాకా వెళ్లాలి, 26,000 జీతగాళ్లలో ఎంతమంది వెళ్తారు? కింద ఒక్క మనిషీ లేకుండా, సెలవు మంజూరు చేసే అధికారం కూడా లేకుండా మేనేజర్ అనిపించుకోవడం నాకు నచ్చదు. "సీనియర్ అకౌంటెంట్, పన్నులు, జీతాలు" అని చేసే పని పేరే రాయించుకోండి, అది తర్వాతి ఉద్యోగంలోనూ ఎక్కువ చెప్తుంది.

ఆమె విషయం ఏమైందో చెప్తాను. యజమాని వెంటనే జవాబివ్వలేదు. ఆడిటర్ ఆఫీసుని టీడీఎస్, పీఎఫ్, ఈఎస్ఐ పనికి ఎంత తీసుకుంటారని అడిగారు, వాళ్లు చెప్పిన రేటు విన్నాక ఆయనకి ఆ పని విలువ మొదటిసారి అంకెల్లో కనిపించింది. ఇది గుర్తుపెట్టుకోండి, మీరు చెప్పే 9,000 కన్నా బయటివాళ్లు చెప్పే రేటుకి ఆయన దగ్గర విలువెక్కువ. చివరికి జీతాలు, పీఎఫ్, ఈఎస్ఐ ఆడిటర్ ఆఫీసుకి వెళ్లాయి, కొనుగోలు ఎంట్రీలు ఆ జూనియర్ కుర్రాడికి ఇచ్చి అతనికి కొంత పెంచారు, ఆమె దగ్గర జీఎస్టీ, టీడీఎస్ మిగిలాయి, నెలకి 4,000 పెరిగింది, పేరు మారుస్తూ పత్రం ఇచ్చారు. మే, జూన్, జూలై నెలల బకాయి మాత్రం రాలేదు. గడిచిపోయిన నెలల డబ్బు రాబట్టడం ప్రైవేటు ఆఫీసులో చాలా కష్టం, అందుకే మొదటి నెలలోనే రాయమంటున్నాను. మూడో నెల దాటాక మీరు చేస్తున్నదే మీ ఉద్యోగమని అందరూ అలవాటుపడిపోతారు, మీతో సహా.

అన్నిచోట్లా ఇలా తేలదు. మెయిల్ చూసి "నువ్వు సర్దుకోలేకపోతే వేరేవాళ్లని చూసుకుంటాం" అనే యజమానులూ ఉన్నారు. అలాంటిచోట ఆ మెయిల్ వల్ల రేపే ఏదో మారుతుందని నేను అనను. అయినా రాయండి, కానీ ముందుగా బయట నాలుగు చోట్ల మాట్లాడి పెట్టుకుని రాయండి, ఇంటర్వ్యూలో "జీఎస్టీ, టీడీఎస్, జీతాలు మొత్తం నేనే చూశాను" అని చెప్పండి, ఎందుకంటే అది నిజం. డబ్బు ఇవ్వకపోయినా ఆ పని నేర్చుకున్నారు కదా, దాని విలువ ఇంకోచోట రాబట్టుకోండి.

మానేసే రోజు వస్తే ఒక్క పని మాత్రం మర్చిపోకండి. ఆఖరి జీతం తీసుకునేలోపు జీఎస్టీ, ఆదాయపు పన్ను, పీఎఫ్, ఈఎస్ఐ పోర్టళ్లన్నింట్లో మీ నంబరు, మీ మెయిల్ తీసేయించి యజమానివి పెట్టించండి, మార్చిన స్క్రీన్ ఫొటో తీసి ఆయనకే మెయిల్ చేయండి, మీరు చూసిన పనులూ వాటి తేదీలూ ఒక పేజీలో రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఆ పేజీ ఒక కాపీ మీ సీట్లోకి వచ్చే మనిషికి కూడా ఇవ్వండి, లేకపోతే పక్క సీట్లో ఉన్న మనిషికి. ఇక ప్రశ్నలు అడగండి, మీ ఆఫీసులో ఏ పని ఎలా వచ్చిపడిందో చెప్పండి, గంటలు ఇక్కడే కూర్చుని లెక్కేద్దాం.